లోడు మారితే పవర్ ఎందుకు మారుతుంది? నాలుగు సెల్స్‌తో గ్రాఫు గీసి చూద్దాం

కనగానపల్లి చుట్టుపక్కల రైతుకు రెండు రకాల మోటారు తెలుసు. ఒకటి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభాల మీదుగా వచ్చే లైను కరెంటుతో నడిచే బోరు మోటారు. రెండోది పొలంలోనే పలకలు నిలబెట్టుకుని నడిపే సోలార్ పంపుసెట్. రెండూ నీళ్లే తోడతాయి కానీ వాటిని నడిపే సూత్రంలో పెద్ద తేడా ఉంది. సోలార్ పంపుసెట్‌లోని కంట్రోలర్ రోజంతా ఒక శిఖరాన్ని వెతుకుతూ, దొరికిన చోట నిలబడుతుంది. లైను కరెంటు మాత్రం పొరపాటున కూడా తన శిఖరం దగ్గరికి పోకూడదు. పోయిందంటే మోటారు వైండింగ్ మాడిపోతుంది.

ఆ శిఖరం లోడు నిరోధాన్ని అడ్డంగా, లోడుకు చేరే పవర్‌ను నిలువుగా పెట్టి గీసే గ్రాఫులో ఉంటుంది. అంతర్నిరోధం ఉన్న మూలానికి ఎంత నిరోధం ఉన్న లోడు తగిలిస్తే గరిష్ఠ పవర్ వస్తుందో ఆ గ్రాఫే చెబుతుంది. ఇంటర్ పుస్తకంలో, పాలిటెక్నిక్ ల్యాబులో దీన్ని గరిష్ఠ సామర్థ్య బదిలీ సిద్ధాంతం అంటారు. హైస్కూలు బల్ల మీద ఒక్క మల్టీమీటరుతో దీన్ని చేసి చూడవచ్చు. ఎలా చేయాలో, ఏ అంకెలు రావాలో, ఎక్కడ తప్పుతుందో వరుసగా చూద్దాం.

కావలసిన సామాను

కొత్త ఆల్కలైన్ పెన్‌ సెల్స్ నాలుగు, వాటిని వరుసగా కలిపే హోల్డరు ఒకటి. 10 ఓమ్‌ల 5 వాట్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి. లోడుగా వాడేందుకు 2.2, 4.7, 6.8, 10, 12, 15, 22, 33, 47, 100 ఓమ్‌ల రెసిస్టర్లు. డిజిటల్ మల్టీమీటరు, మొసలి క్లిప్పుల తీగలు, గ్రాఫు కాగితం.

లోడు రెసిస్టర్లు కొనేటప్పుడు వాట్లు తప్పకుండా చూడండి. దుకాణాల్లో మామూలుగా ఇచ్చేవి పావు వాటు రకం. ఈ ప్రయోగంలో లోడు మీద దాదాపు 0.87 వాటు దాకా పవర్ పడుతుంది. పావు వాటు రెసిస్టర్ అంత వేడిని తట్టుకోలేదు. ముందు దాని రంగు పట్టీలు నల్లబడతాయి, తర్వాత కమురు వాసన వస్తుంది, ఆ తర్వాత దాని విలువే మారిపోతుంది. అందుకే 2 వాట్లవి గానీ, అంతకు పైవి గానీ తెచ్చుకోవాలి.

సెల్స్‌కు ఎలాగూ అంతర్నిరోధం ఉంటుంది కదా, పైన మళ్లీ 10 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకనే అనుమానం రావచ్చు. కొత్త ఆల్కలైన్ సెల్ అంతర్నిరోధం చాలా చిన్నది. నాలుగింటికీ కలిపి ఒక ఓమ్ చుట్టుపక్కల ఉంటుంది. దానికి సరిపడే లోడు తగిలిస్తే మూడు ఆంపియర్ల కరెంటు లాగాల్సి వస్తుంది. అప్పుడు సెల్స్ వేడెక్కి, కొలుస్తుండగానే వాటి స్వభావం మారిపోతుంది. వరుసలో 10 ఓమ్‌లు చేరిస్తే మొత్తం అంతర్నిరోధం 11 ఓమ్‌ల దగ్గర నిలకడగా ఉంటుంది. సెల్స్ నిరోధం అటూ ఇటూ కొంచెం మారినా ఆ పదకొండులో అది చిన్న భాగమే కాబట్టి లెక్క చెడదు. సెల్స్‌ను, ఆ రెసిస్టర్‌ను కలిపి ఒక పెట్టెలో మూసేశాం అనుకోండి. బయటికి రెండు తీగలే కనిపిస్తాయి. మనకు మూలం అంటే ఆ పెట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ ప్రయోగాన్ని ట్రాక్టర్ బ్యాటరీతో గానీ, బైకు బ్యాటరీతో గానీ, ఫోను లిథియం బ్యాటరీతో గానీ ఎవరూ చేయకూడదు. ట్రాక్టర్ బ్యాటరీ అంతర్నిరోధం ఓమ్‌లో నూరో వంతు చుట్టుపక్కల ఉంటుంది. దానికి సరిపడే లోడు కూడా కలిపితే 0.02 ఓమ్‌లు, 12 వోల్టులను దానితో భాగిస్తే 600 ఆంపియర్లు. తీగ కరుగుతుంది, బ్యాటరీ పేలే ప్రమాదం కూడా ఉంది.

మొదటి మెట్టు: ఖాళీ వోల్టేజీ, అసలు నిరోధాలు

లోడు ఏదీ తగిలించకుండా పెట్టె రెండు తీగల మధ్య వోల్టేజీ కొలవండి. కొత్త సెల్స్‌తో 6.2 వోల్టుల దగ్గర వస్తుంది. మీటరు దాదాపు కరెంటే లాగదు కాబట్టి దీన్నే మూలం విద్యుచ్చాలక బలంగా, E గా తీసుకోవచ్చు.

తర్వాత ఒక్కో లోడు రెసిస్టర్‌నూ మీటరులో ఓమ్‌ల స్థానంలో పెట్టి కొలవండి. దాని మీద రాసిన విలువకూ అసలు విలువకూ ఐదు శాతం తేడా ఉండవచ్చు. కొలిచే ముందు మీటరు రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి చూడండి. 0.2, 0.3 ఓమ్ చూపిస్తుంది. అది మీటరు తీగల సొంత నిరోధం, దాన్ని ప్రతి కొలత నుంచీ తీసేయాలి. 100 ఓమ్‌ల దగ్గర ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు. 2.2 ఓమ్‌ల దగ్గర మాత్రం 0.3 అంటే పదమూడు శాతానికి పైనే. గ్రాఫు ఎడమ వైపు చుక్కలు సరిగ్గా కుదరవంటే చాలాసార్లు ఇదే కారణం.

రెండో మెట్టు: రీడింగులు

పెద్ద లోడుతో మొదలుపెట్టి చిన్న లోడుకు రావాలి. అంటే ముందు 100 ఓమ్‌లు, చివర 2.2. అలా చేస్తే సెల్స్ ఎక్కువ కరెంటు ఇవ్వాల్సిన పని చివరికి వస్తుంది, అలసట ముందే చేరదు. ఒక్కో లోడును రెండు మూడు క్షణాలు తగిలించి, వోల్టేజీ చూసుకుని, వెంటనే విప్పేయండి. మధ్యలో సెల్స్‌కు కొంచెం ఊపిరి తీసుకునే సమయం ఇవ్వండి.

మీటరు మొనలను రెసిస్టర్ కాళ్లకే ఆనించాలి. క్లిప్పుకో, హోల్డరు తీగకో ఆనించకూడదు. ఇందులో ముఖ్యమైన విషయం ఉంది. మీటరు రెండు మొనల మధ్య ఉన్నదంతా లోడు. అవతల ఉన్నదంతా, అంటే సెల్స్ లోపలి నిరోధం, 10 ఓమ్‌ల రెసిస్టర్, తీగలు, తుప్పు పట్టిన క్లిప్పు, అన్నీ కలిసి మూలం అంతర్నిరోధం కిందికే వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా ఉన్న లైను తీగ కూడా ఇలాగే, మోటారు వైపు నుంచి చూస్తే మూలం లోపలి నిరోధమే.

కరెంటు కొలవడానికి అమ్మీటరు పెట్టవద్దు. దానికీ సొంత నిరోధం ఉంటుంది, అది కూడా సర్క్యూట్‌లో చేరిపోతుంది. పైగా చిన్న లోడు దగ్గర కరెంటు దాదాపు అర ఆంపియర్ దాకా పోతుంది. మల్టీమీటరును 200 మిల్లీ ఆంపియర్ల స్థానంలో పెట్టి ఉంటే లోపలి ఫ్యూజు పోతుంది. లోడు నిరోధం R తెలుసు, దాని మీద వోల్టేజీ V తెలుసు, పవర్‌కు అదే చాలు:

`P = V² / R`

మూడో మెట్టు: పట్టిక

E = 6.2 వోల్టులు, మొత్తం అంతర్నిరోధం r = 11 ఓమ్‌లు అయితే లెక్క ప్రకారం రావలసిన విలువలు ఇవి. మీ రీడింగులు వీటికి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి.

| లోడు R (ఓమ్‌లు) | వోల్టేజీ V | లోడుకు చేరే పవర్ (వాట్లు) |
|---|---|---|
| 2.2 | 1.03 | 0.49 |
| 4.7 | 1.86 | 0.73 |
| 6.8 | 2.37 | 0.83 |
| 10 | 2.95 | 0.87 |
| 12 | 3.23 | 0.87 |
| 15 | 3.58 | 0.85 |
| 22 | 4.13 | 0.78 |
| 33 | 4.65 | 0.66 |
| 47 | 5.02 | 0.54 |
| 100 | 5.59 | 0.31 |

వోల్టేజీ వరుస కిందికి పోయేకొద్దీ పెరుగుతూనే ఉంది, ఎక్కడా ఆగలేదు. పవర్ వరుస మాత్రం 0.49 నుంచి ఎక్కి, 0.87 దాకా పోయి, మళ్లీ 0.31కి దిగింది. కారణం చిక్కైనదేమీ కాదు. పవర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణించగా వచ్చేది. లోడు నిరోధం చాలా తక్కువైతే కరెంటు బోలెడు వస్తుంది కానీ వోల్టేజీ అంతా మూలం లోపలే పడిపోయి లోడుకు ఏమీ మిగలదు. లోడు నిరోధం చాలా ఎక్కువైతే వోల్టేజీ నిండుగా ఉంటుంది కానీ కరెంటు పారదు. రెండు కొసల్లోనూ గుణకారంలో ఒకటి సున్నాకు దగ్గరవుతుంది. కాబట్టి గరిష్ఠం నడుమ ఎక్కడో ఉండాలి.

ఆ చోటు కచ్చితంగా R = r అని తేల్చడానికి కలనగణితం కూడా అక్కర్లేదు. పవర్ సూత్రం ఇది:

`P = E² R / (R + r)²`

పైనా కిందా R తో భాగిస్తే ఇలా మారుతుంది:

`P = E² / (R + r²/R + 2r)`

మూలం మారదు కాబట్టి E, r స్థిరం. కింద మారేవి రెండే: R, r²/R. ఈ రెంటినీ గుణిస్తే ఎప్పుడూ r² వస్తుంది, R ఎంతైనా సరే. లబ్ధం మారని రెండు సంఖ్యల మొత్తం అవి సమానమైనప్పుడే కనిష్ఠం. అంటే R = r అయినప్పుడు హారం కనిష్ఠం, పవర్ గరిష్ఠం. ఆ గరిష్ఠం `E² / 4r`. మన పెట్టెకు 38.44ను 44తో భాగిస్తే 0.87 వాటు. పట్టికలో 10 ఓమ్‌లకూ 12 ఓమ్‌లకూ ఒకే విలువ వచ్చింది, వాటి నడుమ 11 దగ్గర శిఖరం ఉంది.

నాలుగో మెట్టు: గ్రాఫు గీయడం

అడ్డంగా ఒక సెంటీమీటరుకు 10 ఓమ్‌లు, నిలువుగా ఒక సెంటీమీటరుకు 0.1 వాటు తీసుకుంటే మొత్తం గ్రాఫు పది సెంటీమీటర్ల చదరంలో ఇమిడిపోతుంది. పది చుక్కలూ పెట్టాక స్కేలుతో గీతలు కలపవద్దు. చుక్కల మధ్యగా, చేత్తో, నున్నగా వంపు గీయండి. సున్నా ఓమ్‌ల దగ్గర పవర్ సున్నా కాబట్టి వంపు మూలబిందువు నుంచే బయలుదేరాలి.

వచ్చిన ఆకారం రెండు వైపులా ఒకేలా ఉండదు. ఎడమ పక్క నిట్టనిలువుగా ఎక్కుతుంది. శిఖరం దాటాక కుడి పక్క నిదానంగా, చాలా దూరం సాగుతూ దిగుతుంది. శిఖరం కూడా సూదిమొనలా ఉండదు, చదునుగా ఉంటుంది. 6.8 నుంచి 15 ఓమ్‌ల దాకా పవర్ 0.83కు తగ్గలేదు. అందుకే లోడు అంతర్నిరోధానికి ఓమ్‌కు ఓమ్ సమానం కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు. ముప్పై శాతం తేడా ఉన్నా నష్టం చాలా తక్కువ.

ఈ చదునుతనం వల్లే శిఖరాన్ని చూసి r విలువ చెప్పడం మంచి పద్ధతి కాదు. శిఖరం 10 దగ్గర ఉందా, 12 దగ్గర ఉందా అనేది కంటికి తెలియదు. దానికి మరో గ్రాఫు ఉంది. అవే రీడింగులతో కరెంటును అడ్డంగా, వోల్టేజీని నిలువుగా పెట్టి గీయండి. ఈసారి తిన్నని గీత వస్తుంది. ఉదాహరణకు 22 ఓమ్‌ల దగ్గర 4.13 వోల్టులు, 0.188 ఆంపియర్లు. 4.7 ఓమ్‌ల దగ్గర 1.86 వోల్టులు, 0.395 ఆంపియర్లు. వోల్టేజీ తగ్గింది 2.27, కరెంటు పెరిగింది 0.207. భాగిస్తే 11 ఓమ్‌లు. ఆ గీత వాలే మూలం అంతర్నిరోధం. అందులో 10 మనం చేర్చినవి, మిగిలిన ఒక ఓమ్ సెల్స్‌దీ తీగలదీ. పెట్టె విప్పకుండానే లోపల ఎంతుందో తెలిసిపోయింది.

సెమీలాగ్ గ్రాఫు కాగితం దొరికితే పవర్ గ్రాఫును దాని మీద కూడా గీయండి. ఓమ్‌లు లాగ్ స్కేలు మీదికి వెళ్లగానే వంపు రెండు వైపులా సమానంగా మారుతుంది. అంతర్నిరోధంలో సగం ఉన్న లోడుకూ, రెట్టింపు ఉన్న లోడుకూ ఒకే పవర్ చేరుతుంది కాబట్టే అలా జరుగుతుంది. మన పెట్టెకు 5.5 ఓమ్‌లు పెట్టినా, 22 ఓమ్‌లు పెట్టినా 0.78 వాటే.

ఐదో మెట్టు: దక్షతను అదే కాగితం మీద గీయడం

ఒకే పవర్ వచ్చినంత మాత్రాన ఆ రెండు లోడులూ ఒకటి కావు. సెల్స్ మొత్తంగా ఎంత ఖర్చు పెట్టాయో చూడండి. 22 ఓమ్‌ల దగ్గర మొత్తం ఖర్చు 1.16 వాట్లు, అందులో 0.78 లోడుకు చేరింది. 5.5 ఓమ్‌ల దగ్గర మొత్తం ఖర్చు 2.33 వాట్లు, లోడుకు చేరింది అదే 0.78. మిగిలినదంతా 10 ఓమ్‌ల సిమెంటు రెసిస్టర్‌లోనూ సెల్స్‌లోనూ వేడైపోయింది. రెసిస్టర్‌కు వేలు దగ్గరగా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తాకకండి, వేడిగా ఉంటుంది.

లోడుకు చేరిన పవర్‌ను మొత్తం ఖర్చుతో భాగిస్తే దక్షత వస్తుంది. అది `R / (R + r)`. 5.5 ఓమ్‌ల దగ్గర 33 శాతం, శిఖరం దగ్గర 50 శాతం, 22 దగ్గర 67 శాతం, 47 దగ్గర 81 శాతం, 100 దగ్గర 90 శాతం. ఈ గీతను పవర్ వంపు మీదే వేరే రంగుతో గీయండి. దక్షత గీత శిఖరం దగ్గర ఆగకుండా కుడి వైపు ఎక్కుతూనే పోతుంది.

ఈ రెండు గీతలు పక్కపక్కన ఉంటే గానీ సిద్ధాంతం పూర్తిగా అర్థం కాదు. గరిష్ఠ పవర్, గరిష్ఠ దక్షత వేరు వేరు చోట్ల ఉన్నాయి. శిఖరం మీద సగం శక్తి లోపలే పోతుంది. శిఖరానికి ఎడమ పక్క నిలబడితే పవర్ కూడా తక్కువే, వృథా కూడా ఎక్కువే. అక్కడ ఉండటానికి కారణమే లేదు. కుడి పక్కకు జరిగితే కొంచెం పవర్ వదులుకుని చాలా దక్షత సంపాదించవచ్చు.

19వ శతాబ్దంలో పెద్ద పెద్దవాళ్లనే తికమక పెట్టిన విషయం ఇది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన మోరిట్జ్ యాకోబీ 1838లో బ్యాటరీలతో నడిచే మోటారు పెట్టి నేవా నది మీద పడవ నడిపాడు. గరిష్ఠ పవర్ సూత్రానికి ఆయన పేరు కూడా ఉంది, యాకోబీ నియమం అంటారు. ఆ నియమాన్ని చూసి, విద్యుత్ యంత్రం ఎప్పటికీ సగానికి మించి దక్షత ఇవ్వలేదని చాలామంది తీర్మానించుకున్నారు. ఎడిసన్, ఆయన సహచరుడు ఫ్రాన్సిస్ అప్టన్ 1880 ప్రాంతంలో ఆ తీర్మానాన్ని పక్కన పెట్టారు. లోడు నిరోధం కంటే ఎంతో తక్కువ అంతర్నిరోధం ఉండేలా డైనమోను తయారు చేశారు. 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి దీపాలు వెలిగింది ఆ దారిలోనే.

ఎక్కువగా జరిగే తప్పు

లోడు, మూలం సమానం కావాలని చదువుకున్న విద్యార్థి చేసే తప్పు ఒకటుంది. లోడు 22 ఓమ్‌లు అని ఇస్తే, మూలానికి 11 ఓమ్‌లు ఉన్నాయి కదా, ఇంకో 11 చేర్చి సమానం చేస్తే పవర్ పెరుగుతుందనుకుంటాడు. చేసి చూడండి. సమానం చేయకముందు 0.78 వాటు వచ్చింది. 11 ఓమ్‌లు చేర్చి సమానం చేశాక 0.44 వాటుకు పడిపోయింది. అదే మన 10 ఓమ్‌ల రెసిస్టర్‌ను తీసేసి మూలాన్ని ఒక ఓమ్‌కు దించితే 22 ఓమ్‌ల లోడుకు 1.6 వాట్లు చేరతాయి.

మూలం మన చేతిలో లేనప్పుడు, దాని నిరోధాన్ని తగ్గించలేనప్పుడు, ఎలాంటి లోడు ఎంచుకోవాలో మాత్రమే సిద్ధాంతం చెబుతుంది. మూలాన్ని మార్చగలిగితే దాని నిరోధం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

రీడింగులు తప్పాయని ఎలా తెలుస్తుంది

అన్ని రీడింగులూ అయ్యాక మొదట కొలిచిన ఖాళీ వోల్టేజీని మళ్లీ కొలవండి. 6.2 ఉన్నది 6.0కు పడిపోయి ఉంటే సెల్స్ అలసిపోయాయి, లోడును ఎక్కువసేపు తగిలించి ఉంచారన్నమాట. 10 ఓమ్‌ల రీడింగు మొదట్లో ఒకసారి, చివర ఒకసారి తీసి పోల్చితే ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు జింక్ కార్బన్ సెల్స్ వాడితే ఈ అలసట మరీ ఎక్కువ, వాటి నిరోధం వాడేకొద్దీ పెరుగుతుంది.

ఒకే ఒక్క చుక్క వంపు నుంచి కిందికి జారిపోతే అది క్లిప్పు సరిగ్గా అంటుకోకపోవడం. క్లిప్పును కదిలిస్తే మీటరులో అంకె ఎగురుతుంది. చుక్కలన్నీ నున్నగానే ఉండి వోల్టేజీ గీత మాత్రం వంగిందంటే మూలం నిరోధం స్థిరంగా లేదు. అంటే సెల్స్ మధ్యలో మారాయి, లేదా అసలు ఆ మూలమే ఈ సూత్రానికి లొంగే రకం కాదు.

సూత్రం ఆగే చోటు: సోలార్ పలక

అలా లొంగని మూలానికి మంచి ఉదాహరణ సోలార్ పలక. ఎన్.పి.కుంట దగ్గర 2016 నుంచి ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర కేంద్రం నడుస్తోంది. అక్కడి పలకైనా, పొలంలోని పలకైనా స్వభావం ఒకటే. 10 వాట్ల చిన్న పలకను తీసుకోండి. మంచి ఎండలో దాని ఖాళీ వోల్టేజీ దాదాపు 21.6, షార్టు చేస్తే వచ్చే కరెంటు దాదాపు 0.62 ఆంపియర్లు.

మన సూత్రాన్ని గుడ్డిగా నమ్మితే సగం వోల్టేజీ దగ్గర, అంటే 10.8 దగ్గర, గరిష్ఠ పవర్ రావాలి. అక్కడ కొలిస్తే ఆరున్నర వాట్లే వస్తాయి. అసలు శిఖరం 17.5 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది, అంటే ఖాళీ వోల్టేజీలో దాదాపు 80 శాతం. అక్కడ కరెంటు 0.57, పవర్ 10 వాట్లు. ఎందుకంటే పలక వోల్టేజీ గీత తిన్నగా ఉండదు. చాలా దూరం కరెంటు తగ్గకుండా సాగి, చివర ఒక మోకాలు దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది. స్థిరమైన r ఒక్కటి లేనప్పుడు సగం వోల్టేజీ అనే నియమం కూడా ఉండదు. లోడు మారిస్తే పవర్ ఎక్కి దిగడం మాత్రం అలాగే ఉంటుంది, శిఖరం ఉంటుంది, దాన్ని వెతకాలి.

ఆ శిఖరం ఒకచోట నిలవదు. మంచి ఎండలో ఈ పలకకు సరిపడే లోడు దాదాపు 31 ఓమ్‌లు. మబ్బు వేసి వెలుతురు సగమైతే కరెంటు సగమవుతుంది, వోల్టేజీ పెద్దగా తగ్గదు. కాబట్టి సరిపడే లోడు 60 ఓమ్‌ల దాకా పెరుగుతుంది. లోడును 31 దగ్గరే ఉంచేస్తే ఐదు వాట్లు రావలసిన చోట మూడు వాట్ల లోపే వస్తుంది. సోలార్ పంపుసెట్ కంట్రోలర్ చేసే పని ఇదే. లోడును కొద్దిగా అటు జరుపుతుంది, పవర్ పెరిగిందా తగ్గిందా చూస్తుంది. పెరిగితే అదే వైపు ఇంకొంచెం జరుపుతుంది, తగ్గితే వెనక్కి వస్తుంది. మన గ్రాఫును అది రోజంతా, ఆగకుండా, కొలుస్తూ ఉంటుంది. వాడని ఎండ ఎలాగూ దాచుకోలేం, దానికి డబ్బు కట్టం. కాబట్టి శిఖరం మీద నిలబడటమే లాభం.

లైను కరెంటు సంగతి

కనగానపల్లి పక్క మండలం రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు తిరుగుతున్నాయి. ఆ కరెంటైనా, మరెక్కడి నుంచి వచ్చినదైనా, స్తంభాల మీద లైనులో పడ్డాక శిఖరానికి దూరంగా ఉండాల్సిందే. ఒక లెక్క వేసి చూద్దాం. 230 వోల్టుల లైనులో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటారు దాకా రానూపోనూ తీగ నిరోధం ఒక ఓమ్ అనుకోండి. సూత్రం ప్రకారం గరిష్ఠ పవర్ రావాలంటే లోడు కూడా ఒక ఓమ్ ఉండాలి. అప్పుడు కరెంటు 115 ఆంపియర్లు, లోడు దగ్గర 115 వోల్టులు. లోడుకు 13 కిలోవాట్లు, తీగలో మరో 13 కిలోవాట్లు. తీగ అంత వేడిని మోయలేదు. 115 వోల్టుల దగ్గర మోటారు తిప్పే బలం మామూలులో నాలుగో వంతుకు పడిపోతుంది. అది తిరగలేక ఆగి, ఇంకా ఎక్కువ కరెంటు లాగి, వైండింగ్ కాలిపోతుంది.

అదే లైనులో 10 ఆంపియర్లే లాగితే తీగలో 10 వోల్టులే పడతాయి, మోటారుకు 220 చేరుతుంది, తీగలో పోయేది 100 వాట్లే. లైను పనిచేయాల్సింది గ్రాఫు కుడి చివర, దక్షత 95 శాతం దాటిన చోట. లో వోల్టేజీ అని రైతు మొత్తుకుంటున్నాడంటే ఆ లైను కుడి వైపు నుంచి శిఖరం వైపు జారుతోందని అర్థం. చాలా మోటార్లు ఒకే సన్నటి తీగ మీద పడినా, జాయింట్ దగ్గర తీగ తుప్పు పట్టినా జరిగేది అదే. అలాంటప్పుడు మందు లోడును మార్చడం కాదు, మూలం వైపు నిరోధాన్ని తగ్గించడం. అంటే లావు తీగ, శుభ్రమైన జాయింట్, బోరుకు దగ్గరగా ట్రాన్స్‌ఫార్మర్.

భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. ఈ ప్రయోగం చేయించేటప్పుడు పవర్ వంపు ఒక్కటే గీయించి, R = r అని రాయించి ఆపేయకండి. అదే కాగితం మీద దక్షత గీత కూడా గీయించండి. ఖాళీగా పోయే ఎండకు శిఖరం కావాలి. డబ్బు పెట్టి కొన్న సెల్‌కూ, బిల్లు కట్టే కరెంటుకూ శిఖరానికి కుడి వైపు కావాలి. ఏ మూలానికి గ్రాఫులో ఏ చోటు తగినదో చెప్పగలిగిన పిల్లవాడికి ఈ పాఠం వచ్చినట్టే.